నలుగురి ప్రాజెక్టులో ముగ్గురే పని చేస్తుంటే: సబ్మిషన్‌కు ముందు రాయాల్సిన మెయిల్

బీటెక్ చివరి సెమిస్టర్‌లో ఏప్రిల్ వచ్చేసరికి చాలా ప్రాజెక్టు బ్యాచ్‌లలో ఒక సంగతి బయటపడుతుంది. రిజిస్టర్‌లో నాలుగు పేర్లుంటాయి, పని మాత్రం ముగ్గురి మీదే నడుస్తుంటుంది. నాలుగో మనిషి వాట్సాప్ గ్రూపులో ఉంటాడు, మెసేజ్‌లు చూస్తాడు, అడిగితే “రేపు పెడతా” అంటాడు. ఆ రేపు రాదు. మిగతా ముగ్గురికీ కోపం ఉంటుంది, మొహమాటమూ ఉంటుంది. నాలుగేళ్లు ఒకే బెంచీలో కూర్చున్నవాడిని ఏమని అడుగుతాం, గైడ్‌కు చెబితే చాడీలు చెప్పినట్టవుతుందేమో, చెప్పకపోతే పని అంతా మన నెత్తినే పడుతుందేమో అని రోజులు గడిపేస్తారు. చివరికి సబ్మిషన్‌కు రెండు రోజుల ముందు ఏ అర్ధరాత్రో గ్రూపులో గొడవ అవుతుంది. అప్పటికి మార్చడానికి ఏమీ మిగలదు.

ఈ పరిస్థితిలో బ్యాచ్‌లో ఒకరు పూనుకుని నలుగురికీ ఒక మెయిల్ రాయాలి. ఫలానా పని రాలేదని చెప్పి, మిగిలిన పనులను కొత్తగా పంచాలి. ఆ మెయిల్ ఏ రోజున రాయాలి, అందులో ఏం ఉండాలి, జవాబు రాకపోతే ఏం చేయాలి అన్నది ఒక ఉదాహరణతో చూద్దాం. పేర్లు ఊరికే పెట్టుకున్నవి. పరిస్థితి మాత్రం ప్రాజెక్టు చేసిన వాళ్లందరూ గుర్తుపట్టేదే.

ఈసీఈ బ్యాచ్ ఒకటి. లత, కిరణ్, ఫాతిమా, సురేశ్. నేలలో తేమ తగ్గితే మోటారు దానంతట అది ఆన్ అయ్యే పరికరం వాళ్ల ప్రాజెక్టు. సర్క్యూట్, బాక్సు ఫాతిమా పని. కోడ్ కిరణ్‌ది. రిపోర్టులో మొదటి రెండు చాప్టర్లు, అన్నీ కలిపి ఒక రూపానికి తేవడం లతది. సెన్సర్ క్యాలిబ్రేషన్, విడిభాగాల గురించి చెప్పే మూడో చాప్టర్ సురేశ్‌వి. సెన్సర్ మనకు నేరుగా “నేలలో ఇంత శాతం తేమ ఉంది” అని చెప్పదు, ఒక అంకె ఇస్తుంది. ఏ అంకెకు ఎంత తేమో తెలియాలంటే మట్టిని తడిపి, అందులో సెన్సర్ గుచ్చి అంకె రాసుకుని, ఆ మట్టిని తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచాలి. 62 గ్రాముల తడి మట్టి ఆరాక 50 గ్రాములైతే పోయిన నీరు 12 గ్రాములు, అంటే పొడి మట్టి బరువులో 24 శాతం తేమ. ఇలా కొన్ని స్థాయులకు చేస్తే ఒక పట్టిక తయారవుతుంది. ఆ పట్టిక లేనిదే మోటారును ఏ అంకె దగ్గర ఆన్ చేయాలో కిరణ్ కోడ్‌లో రాయలేడు. కోడ్ పూర్తి కానిదే ఫలితాల చాప్టర్ ఉండదు.

ఆ పట్టిక మార్చి 24కు రావాలని రెండో రివ్యూ తర్వాత నలుగురూ అనుకున్నారు. ఏప్రిల్ 8 సాయంత్రానికి కూడా రాలేదు. సబ్మిషన్ 20న.

ఇలా ఎందుకు జరుగుతుందో కొంచెం తెలుసుకుంటే మెయిల్ రాసే తీరు మారుతుంది. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు 1880ల్లో మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. మనుషులు పెరిగేకొద్దీ మొత్తం బలం పెరిగింది గానీ ఒక్కొక్కరి వంతు తగ్గుతూ పోయింది. ఎనిమిది మంది కలిసి లాగితే తలా సగం బలమే కనిపించింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఒక కారణం కావచ్చు. కానీ అదొక్కటే కాదని 1979లో అమెరికాలో లతానే, విలియమ్స్, హార్కిన్స్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చారు. వాళ్లు విద్యార్థుల కళ్లకు గంతలు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి గట్టిగా అరవమన్నారు. పక్కన ఇంకొకరు కూడా అరుస్తున్నారని నమ్మినప్పుడు ఒంటరిగా అరిచిన దాంట్లో 82 శాతమే అరిచారు. ఐదుగురు తోడున్నారని నమ్మినప్పుడు అది 74 శాతానికి దిగింది. నిజానికి ఆ క్షణంలో అరుస్తున్నది ఒక్కరే.

ఆ ముగ్గురే రెండేళ్ల తర్వాత ఇంకో సంగతి చూపించారు. గుంపులో ఉన్నా ఎవరి అరుపు వాళ్లదిగా విడిగా కొలుస్తున్నామని తెలిస్తే ఈ తగ్గుదల కనిపించలేదు. మన మెయిల్‌కు కావాల్సింది ఇదే. “అందరం కలిసి రిపోర్టు రాద్దాం” అన్నప్పుడు ఎవరి వంతూ కనిపించదు. “మూడో చాప్టర్ సురేశ్, 12 రాత్రి 9” అన్నప్పుడు కనిపిస్తుంది. కాబట్టి ఈ మెయిల్ ముఖ్యంగా చేయాల్సిన పని మిగిలిన ప్రతి ముక్క పక్కనా ఒక పేరు, ఒక తేదీ పెట్టడం. తప్పు ఎవరిదో తేల్చడం దాని పని కాదు.

సురేశ్ పని చేయకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణమని కూడా అనుకోకూడదు. చివరి సెమిస్టర్‌లో ప్లేస్‌మెంట్ పరీక్షలు, మిగిలిపోయిన బ్యాక్‌లాగ్‌లు, ఇంట్లో అనారోగ్యాలు అన్నీ ఒకేసారి వస్తాయి. వీటన్నిటి కంటే తరచుగా ఉండేది, పైకి కనపడనిది ఒకటుంది: పని ఎలా చేయాలో తెలియకపోవడం. ఈసీఈ కుర్రాడికి మట్టి ఆరబెట్టే ఓవెన్ సివిల్ వాళ్ల సాయిల్ ల్యాబ్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లి ఎవరిని అడగాలో తెలియదు. తెలియదని నవంబర్‌లో చెబితే ఎవరూ ఏమీ అనరు. ఏప్రిల్‌లో చెప్పాలంటే సిగ్గు. అందుకే “అయిపోతోంది” అంటాడు. ఎంతవరకు వచ్చిందో చూపించమంటే మాట మారుస్తాడు. సగం చేసినవాడు సగం ఫైలు చూపిస్తాడు, మొదలుపెట్టని వాడే కారణాలు చెబుతాడు. ఈ తేడాను బట్టి అసలు పరిస్థితి తెలిసిపోతుంది.

అందువల్ల మెయిల్ కంటే ముందు ఒక ఫోన్ చేయాలి. ముగ్గురూ స్పీకర్ పెట్టి కాదు, బ్యాచ్‌లో అతనితో కాస్త చనువున్న ఒక్కరే చేయాలి. “పట్టిక ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది, నీ వల్ల ఇప్పుడు ఏది అవుతుంది?” అని అడిగితే చాలు. జవాబులో నిజమైన ఇబ్బంది ఉంటే మెయిల్ స్వరమే మారిపోతుంది. అతను చెప్పిన సొంత విషయాన్ని మాత్రం మెయిల్‌లో పెట్టకూడదు. నాన్నగారికి ఆపరేషన్ అయిందన్న సంగతి ఎవరికి చెప్పాలో సురేశ్ ఇష్టం. ఫోన్ ఎత్తకపోతే ఫలానా రోజున చేశామన్న మాట మెయిల్‌లో ఒక వాక్యంగా వస్తుంది, అంతే.

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ, వాట్సాప్‌లో ఉంటూ మెయిల్ ఎందుకని అడగవచ్చు. వాట్సాప్ గ్రూపులో పని పంపకం పెడితే పది నిమిషాల్లో దాని మీద ఇంకో ముప్పై మెసేజ్‌లు పడతాయి. ఒకరు బొటనవేలు బొమ్మ పెడతారు, అది ఒప్పుకున్నట్టో చూసినట్టో తెలియదు. తర్వాత మెసేజ్ తీసేయడమూ తేలికే. మెయిల్ తేదీతో, మొత్తంగా, ఒక్కచోట ఉంటుంది. రేపు గైడ్‌కు చూపించాల్సి వస్తే స్క్రీన్‌షాట్లు అతికించే పని ఉండదు. మన పిల్లలు మెయిల్ రోజూ చూడరు కాబట్టి పంపాక గ్రూపులో “మెయిల్ పెట్టాను, చూసి అక్కడే జవాబివ్వండి” అని ఒక్క లైను రాస్తే సరిపోతుంది.

రాయడానికి కూర్చునే ముందు ఒక లెక్క వేసుకోవాలి. సబ్మిషన్ 20న అంటే పని చేయడానికి 20 దాకా టైముందని కాదు. బైండింగ్ షాపులో ఆ వారమంతా రద్దీ ఉంటుంది కాబట్టి 19 దానికే పోతుంది. సర్టిఫికెట్ పేజీ మీద గైడ్, హెచ్‌ఓడీ సంతకాలకు 18. ప్లేజియరిజం చెకింగ్‌కు రిపోర్టు ఇచ్చి, రిజల్టు వచ్చాక అవసరమైనవి తిరగరాయడానికి 16, 17. అంటే రాత మొత్తం 15 రాత్రికి అయిపోవాలి. 8న రాస్తున్న లత చేతిలో పన్నెండు రోజులున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఉన్నవి ఏడు. ఇలా వెనక నుంచి లెక్క వేసుకుంటే కోపం కంటే ముందు పని కనిపిస్తుంది.

ఏడు రోజుల్లో ఏ పనిని కుదించగలం, ఏది కుదరదు అన్నది రెండో లెక్క. ఓవెన్‌కు 24 గంటలు కావాలంటే కావాలి. ముగ్గురు వెళ్లి నిలబడినా మట్టి త్వరగా ఆరదు. మొదట అనుకున్నది నల్లరేగడి, ఎర్ర నేల, ఇసుక నేల అని మూడు రకాల మట్టి, ఒక్కొక్కదానికి ఐదు తేమ స్థాయులు, ప్రతి స్థాయికి మూడు సార్లు. మొత్తం 45 కప్పులు. దాన్ని ఎర్ర నేలకే పరిమితం చేసి, ఐదు స్థాయులు, రెండేసి సార్లు అంటే 10 కప్పులవుతాయి. అన్నీ ఒకేసారి ఓవెన్‌లో పెట్టవచ్చు. మిగతా నేలలకు చేయలేదని రిపోర్టులో పరిమితుల కింద రాయాలి. పని మళ్లీ పంచుకోవడం అంటే ఒకరి బరువు ఇంకొకరి మీదకు మార్చడమే అనుకుంటారు చాలామంది. చివరి వారంలో మొదట చేయాల్సింది బరువునే తగ్గించడం. తగ్గించింది దాచకుండా రాస్తే వైవాలో అది తప్పుగా నిలవదు. దాచి, మూడు నేలలకూ చేశామని రాస్తే ఒక్క ప్రశ్నకు దొరికిపోతారు.

మూడో లెక్క, ఎవరు ఏది తీసుకోవాలన్నది. ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో అచ్చయిన తన పుస్తకంలో, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని రాశాడు. కొత్తవాళ్లకు పని చెప్పడానికి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పాతవాళ్ల టైము పోతుంది కాబట్టి. నలుగురు పిల్లల బ్యాచ్‌కూ ఇది వర్తిస్తుంది. ఇప్పుడు సురేశ్‌ను తెచ్చి కోడ్‌లో కూర్చోబెడితే అతనికి వివరించడానికే కిరణ్‌కు రెండు రోజులు పడుతుంది. అందరూ దేనికోసం ఆగి ఉన్నారో ఆ పట్టికను మళ్లీ అతని చేతిలోనే ఉంచితే, 12న కూడా రాకపోతే ఇక దారి లేదు. కాబట్టి ఆగిపోయిన కీలకమైన పనిని నమ్మకమైన చేతికి మార్చాలి. వెనకబడిన వాడికి విడిగా చేసుకోగలిగేది, రెండు రోజుల్లో చూపించగలిగేది, అతను చేయకపోయినా మిగతావి ఆగనిది ఇవ్వాలి. అది మరీ పనికిరాని పని కూడా కాకూడదు. ఫాంట్ సైజు సరిచేయమని ఇస్తే అతన్ని తీసిపారేసినట్టవుతుంది, వైవాలో చెప్పుకోవడానికీ అతనికి ఏమీ ఉండదు.

ఈ లెక్కలేవీ వేయకుండా కోపంలో రాస్తే మెయిల్ ఇలా ఉంటుంది: “మేం ముగ్గురం రాత్రింబవళ్లు చేస్తుంటే నీకు అసలు పట్టింపే లేదు. మొదటినుంచీ నువ్వు ఏమీ చేయలేదు. ఇలాగే ఉంటే మేడమ్‌కు చెప్పి నీ పేరు తీయించేస్తాం.” ఇందులో ప్రతి వాక్యానికీ సురేశ్ దగ్గర జవాబుంది. పట్టింపు లేదని మీకెలా తెలుసు అంటాడు. మొదటి రివ్యూ స్లైడ్లు చేసింది నేనేగా అంటాడు, అది నిజం కూడా. ఒక్క మాట అబద్ధమని తేలితే మిగతా నిజాల బలం పోతుంది. పేరు తీయించడం వీళ్ల చేతిలో లేదు, కాబట్టి ఆ బెదిరింపు నిలవదు. అన్నిటికంటే పెద్ద లోపం, అది చదివాక రేపు పొద్దున ఎవరు ఏ పనికి వెళ్లాలో నలుగురిలో ఎవరికీ తెలియదు.

లత రాయాల్సిన మెయిల్ ఇలా ఉండవచ్చు.

సబ్జెక్టు: ప్రాజెక్టు – మిగిలిన పనులు, కొత్త పంపకం – 9వ తేదీ రాత్రి 9లోపు జవాబు ఇవ్వండి

“కిరణ్, ఫాతిమా, సురేశ్,

20న సబ్మిషన్. చెకింగ్, సంతకాలు, బైండింగ్ రోజులు తీసేస్తే రిపోర్టు 15 రాత్రికి పూర్తవ్వాలి. మనకు ఏడు రోజులున్నాయి.

ఇప్పటికి అయినవి: సర్క్యూట్, బాక్సు, చాప్టర్ 1, 2, కోడ్‌లో మోటారు ఆన్-ఆఫ్ భాగం. మొదటి రివ్యూ స్లైడ్లు, సెన్సర్లు కొనడం సురేశ్ చేశాడు.

కానివి: క్యాలిబ్రేషన్ పట్టిక, చాప్టర్ 3. ఈ రెండూ మార్చి 24కు అనుకున్నాం. ఈ సాయంత్రానికి మన ఫోల్డర్‌లో లేవు. మార్చి 30న, ఏప్రిల్ 4న గ్రూపులో అడిగాను. నిన్న సురేశ్‌కు ఫోన్ చేశాను, కలవలేదు. పట్టిక లేక కోడ్, ఫలితాల చాప్టర్ ఆగిపోయాయి.

అందుకని ఇలా మార్చుకుందామని అంటున్నాను. పట్టికను ఎర్ర నేలకే, 10 కప్పులతో చేద్దాం. అది నేను తీసుకుంటాను. రేపు మట్టి తెచ్చి ఓవెన్‌కు పర్మిషన్ అడుగుతాను, 10 పొద్దున ఓవెన్‌లో పెడతాను, 11 సాయంత్రానికి పట్టిక ఫోల్డర్‌లో ఉంటుంది. కిరణ్, 12న దాన్ని కోడ్‌లో పెట్టి 13, 14 టెస్టింగ్ చేయగలవా? ఫాతిమా, ఫలితాల చాప్టర్, ఫొటోలు నువ్వు తీసుకుంటే 15కు నేను అన్నీ కలుపుతాను.

సురేశ్, చాప్టర్ 3 నీ దగ్గరే ఉంచుతున్నాను: విడిభాగాల వివరణ, ధరల పట్టిక, సర్క్యూట్ బొమ్మ. ఆరు పేజీలు చాలు. ఎంత రాస్తే అంత 10 రాత్రి ఫోల్డర్‌లో పెట్టు, పూర్తిది 12 రాత్రి 9కి. 10 పొద్దున ల్యాబ్‌కు రాగలిగితే రీడింగులు రాసుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఇందులో ఏది కుదరదో, ఎక్కడ ఇబ్బందో చెప్పు. గ్రూపులో వద్దనుకుంటే నాకు ఫోన్ చెయ్.

పంపకంలో మార్పులు కావాలంటే ఎవరైనా రేపు రాత్రి 9లోపు ఇక్కడే రాయండి. రాకపోతే ఇదే ఖాయం అనుకుని 10 పొద్దున మొదలుపెడతాం. 12 రాత్రికి చాప్టర్ 3 రాకపోతే ఫాతిమా, నేను రాసేస్తాం. ఎవరు ఏది చేశామో రిపోర్టులో ఉన్నదున్నట్టు పెడదాం. గైడ్ మేడమ్‌కు కూడా అప్పుడు చెప్పాల్సి వస్తుంది.

లత”

ఈ మెయిల్ నలుగురికీ వెళ్లింది. సురేశ్‌ను తప్పించి ముగ్గురికే పంపి ఉంటే అది అతని వెనక మాట్లాడుకోవడం అయ్యేది. ఇలాంటివి ఎలాగో ఒకలా అతనికి తెలుస్తాయి, తెలిసిన రోజున అతను పూర్తిగా తప్పుకుంటాడు. గైడ్‌ను సీసీలో పెట్టలేదు. మొదటి మెయిల్‌లోనే గైడ్ ఉంటే సురేశ్ పని గురించి కాకుండా తన పరువు గురించి జవాబు రాస్తాడు. కానీ తర్వాత మెట్టు ఏమిటో ముందే చెప్పింది కాబట్టి, రేపు గైడ్ దగ్గరకు వెళితే వెన్నుపోటు అనడానికి లేదు.

సురేశ్ గురించి రాసిన వాక్యాలన్నీ ఎవరైనా సరిచూడగలిగినవే. ఫోల్డర్ తెరిస్తే పట్టిక ఉందో లేదో తెలుస్తుంది. గ్రూపులో మార్చి 30 మెసేజ్ ఉందో లేదో తెలుస్తుంది. “నీకు బాధ్యత లేదు” అన్నదాన్ని ఎవరూ సరిచూడలేరు, అందుకే దానికి చోటు లేదు. అతను చేసిన రెండు పనులు కూడా రాయడం మర్యాద కోసం కాదు. అవి జరిగాయి కాబట్టి రాసింది. తన గురించి ఉన్నది ఉన్నట్టు రాశారని కనిపిస్తే చేయని పని గురించి రాసినదాన్ని కొట్టిపారేయడం కష్టం.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది “రాకపోతే ఇదే ఖాయం” అన్న వాక్యం. జవాబు ఇవ్వని మనిషి వల్ల అందరూ ఆగిపోవడమే ఇక్కడ అసలు జబ్బు. ఆ వాక్యంతో మౌనానికి ఆపే శక్తి పోతుంది. గడువు ఒక రాత్రి, ఒక పగలు ఉంది. అంతకంటే తక్కువైతే దౌర్జన్యం, ఎక్కువైతే ఓవెన్ రోజు పోతుంది. 10 రాత్రి సగం పని అడగడం కూడా కావాలనే. 12న తెలిస్తే ఇంకెవరైనా అందుకోవడానికి మూడు రోజులే ఉంటాయి, 10 రాత్రి ఫోల్డర్ ఖాళీగా ఉంటే ఆ సంగతి రెండు రోజులు ముందుగా తెలుస్తుంది.

జవాబులు మూడు రకాలుగా వస్తాయి. మొదటిది తేలికైనది: “సారీ, నాకు ఆ ఓవెన్ సంగతి తెలియక ఆగిపోయాను, చాప్టర్ నేను రాస్తా” అంటాడు. అప్పుడు పాత లెక్కలు తవ్వకుండా పనిలోకి వెళ్లిపోవాలి.

రెండోది ఎదురు జవాబు: “నేను మార్చి 20న డ్రాఫ్ట్ పంపాను, మీరే పట్టించుకోలేదు. కోడ్‌లో చేస్తానంటే వద్దన్నారు.” దీన్ని కోపంతో కాకుండా ఫైళ్లతో చూడాలి. బ్యాచ్‌లో చురుకైన ఇద్దరు పని మొత్తం చేతిలోకి తీసుకుని, మిగతావాళ్లకు చోటు లేకుండా చేసి, తర్వాత వాళ్లు పని చేయలేదనడం చాలా చోట్ల ఉన్నదే. రిపోర్టు గూగుల్ డాక్స్‌లో రాస్తుంటే వెర్షన్ హిస్టరీలో ఏ రోజు ఏ అకౌంట్ నుంచి ఏం మారిందో కనిపిస్తుంది. అయితే దానికీ ఒక హద్దుంది. అది టైపు చేసిన వేళ్లనే చూపిస్తుంది. నాలుగు రోజులు సోల్డరింగ్ చేసిన ఫాతిమా పేరు అందులో కనపడదు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు టైపు చేస్తే రెండోవాళ్ల పేరే ఉంటుంది. కాబట్టి అది ఒక ఆధారం మాత్రమే, తీర్పు కాదు. సురేశ్ మాటలో నిజముంటే లత మళ్లీ ఒక చిన్న మెయిల్ పెట్టి, ఆ డ్రాఫ్ట్‌ను “అయినవి” వరుసలోకి మార్చాలి.

మూడోది ఏ జవాబూ లేకపోవడం. 10 రాత్రి ఫోల్డర్ ఖాళీ, 12 రాత్రి కూడా ఖాళీ. 13 పొద్దున గైడ్‌కు రాయాలి, అదీ చిన్నగా. “మేడమ్, మా ప్రాజెక్టు 15కు పూర్తవుతుంది. 8న అందరికీ పంపిన పంపకం కింద ఉంది. చాప్టర్ 3 సురేశ్ నుంచి రాలేదు, ఫాతిమా, నేను రాస్తున్నాం. ఎవరి పని ఏదో రిపోర్టులో ఎలా చూపించాలో చెప్పండి. మీరు ఒకసారి సురేశ్‌తో మాట్లాడితే మంచిది” అంటే చాలు. కింద పాత మెయిల్ మొత్తం ఉంటుంది, సీసీలో సురేశ్ ఉంటాడు. శిక్ష అడగకూడదు, అది గైడ్ నిర్ణయం. గైడ్‌కు ఉపయోగపడేది తేదీలతో ఉన్న ఆ పంపకమే. చాలా కాలేజీల్లో రివ్యూలో, వైవాలో మార్కులు విద్యార్థికి విడిగా వేస్తారు. ఎవరు ఏది చేశారో ముందే తెలిసిన గైడ్ ఎవరిని ఏ ప్రశ్న అడగాలో తెలుసుకుని అడుగుతారు. 15న మొరపెట్టుకుంటే ఏ గైడైనా “ఇప్పుడా చెప్పేది?” అంటారు, అందులో న్యాయం ఉంది.

ఫాతిమా, లత చాప్టర్ రాసేసి సురేశ్ పేరు మీద వదిలేయడం మాత్రం వద్దు. స్నేహం కోసం చాలామంది ఇదే చేస్తారు. బార్బరా ఓక్లీ, రిచర్డ్ ఫెల్డర్, మరి ఇద్దరు అధ్యాపకులు ఇంజినీరింగ్ విద్యార్థుల జట్ల గురించి 2004లో రాసిన వ్యాసం ఉపాధ్యాయుల్లో బాగా పేరు పొందింది. పని చేయని సభ్యుడి పేరును ఆ అసైన్‌మెంట్ మీద రాయకపోవడం అందులో వాళ్లు చెప్పిన పద్ధతుల్లో ఒకటి. అది కుదరాలంటే టీచర్ ఆ నియమాన్ని మొదటి వారంలోనే ప్రకటించి ఉండాలి. యూనివర్సిటీలో రిజిస్టర్ అయిన మన మేజర్ ప్రాజెక్టులో పేరు తీసేయడం విద్యార్థుల చేతిలో ఉండదు. వాళ్ల చేతిలో ఉన్నది ఎవరి పని వాళ్ల పేరున రాయడం. రిపోర్టు మొదట్లో గైడ్ ఒప్పుకుంటే ఒక పేజీ, లేదా చివరి స్లైడులో నాలుగు లైన్లు: సర్క్యూట్, ఫలితాలు ఫాతిమా, కోడ్, టెస్టింగ్ కిరణ్, క్యాలిబ్రేషన్, చాప్టర్ 1, 2 లత, మొదటి రివ్యూ స్లైడ్లు, సెన్సర్లు తేవడం సురేశ్, చాప్టర్ 3 ఫాతిమా, లత. ఏ వ్యాఖ్యా అక్కర్లేదు.

ఎంఎస్‌కు బయటి దేశాలకు వెళ్లే మన పిల్లలకు ఈ అలవాటు మొదటి సెమిస్టర్‌లోనే కావాల్సి రావచ్చు. అక్కడ చాలా కోర్సుల్లో గ్రూపు పని చివర జట్టులోని వాళ్లు ఒకరికొకరు రేటింగ్ ఇస్తారు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ నడిపే క్యాట్‌మీ, బ్రిటన్‌లో లఫ్‌బరో యూనివర్సిటీలో తయారైన వెబ్‌పీఏ లాంటివి అందుకోసం పుట్టినవే. ఆ రేటింగును బట్టి గ్రూపు మార్కులోంచి ఒక్కొక్కరి మార్కు పైకో కిందికో జరగవచ్చు. మొహమాటంతో అందరికీ ఒకే రేటింగు ఇస్తే పని చేసినవాడి మార్కే తగ్గుతుంది. చివర్లో హఠాత్తుగా తక్కువ రేటింగు ఇస్తే ముందెప్పుడు చెప్పావని అడుగుతారు. గడువుకు ముందు రాసిన ఒక మెయిల్ దానికి జవాబు.

లత బ్యాచ్‌కు 15 తర్వాత ఇంకో పని మిగులుతుంది. పనులు చేతులు మారాయి కాబట్టి వైవాలో ప్రశ్నలు కూడా మారిన చేతుల్లోకే వస్తాయి. 105 డిగ్రీలే ఎందుకు, 24 గంటలే ఎందుకు, రెండు కప్పుల మధ్య తేడా వస్తే ఏం చేశారు అని ఎక్స్‌టర్నల్ అడిగితే లత చెప్పాలి. రిలే అంటే ఏమిటని అడిగితే చాప్టర్ 3 రాసినవాళ్లు చెప్పాలి. 17 సాయంత్రం చెకింగ్ రిజల్టు కోసం చూస్తున్న టైములో ఒక గంట కూర్చుని ఎవరి భాగం వాళ్లు మిగతావాళ్లకు చెప్పుకోవచ్చు. ఆ గంటకు సురేశ్‌ను కూడా పిలవాలి. చాప్టర్ రాసినా రాయకపోయినా వైవా గదిలోకి నలుగురూ వెళతారు.